గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి ప్రీ-ఆథ్: సర్జన్ నోట్స్ నుంచి అనుమతి లేఖ దాకా

బెంగళూరు ఆస్పత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల దగ్గర తెలుగు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. మదనపల్లె, హిందూపురం, అనంతపురం వైపు నుంచి అమ్మానాన్నలను ఆపరేషన్‌కి తీసుకొచ్చే కొడుకులూ కూతుళ్ళూ చాలామంది ఇక్కడే ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళకి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆపరేషన్ కాదు, "అప్రూవల్ వచ్చిందా?" అన్న ప్రశ్న. నేను ఆ డెస్కుకి ఇవతలి వైపు కూర్చుని ప్రీ-ఆథ్‌లు, అంటే ఆపరేషన్ ఖర్చు నేరుగా ఆస్పత్రికి కట్టమని బీమా కంపెనీని ముందే అనుమతి అడిగే ఫైళ్ళు, తయారుచేస్తాను. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్ళకీ, ఫారం మీద సంతకం పెట్టే కుటుంబాలకీ పనికొచ్చేలా, ఒక్క కేసు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ముందే ఖాయమైన ఆపరేషన్లలో పిత్తాశయంలో రాళ్ళ కేసు మామూలుగా వచ్చేదే. క్వెరీలు, అంటే అనుమతి ఆపి కంపెనీ అడిగే ప్రశ్నలు, పడటానికి కావలసినవన్నీ దానిలో ఉంటాయి కాబట్టి అదే తీసుకుంటాను.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. కంపెనీ తరఫున ఫైలు చూసే డాక్టరు రోగిని చూడరు, సర్జన్‌తో మాట్లాడరు. ఆయన ముందు ఉండేవి కాగితాలే. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఆపరేషన్ ఇప్పుడు ఎందుకు, ఏ ఆపరేషన్, ఎంత ఖర్చు అన్న నాలుగింటికీ ఆ కాగితాలన్నీ ఒకే జవాబు చెప్పాలి. ఒక కాగితం ఒకటి చెప్పి ఇంకోటి వేరే చెబితే క్వెరీ ఖాయం.

కేసు ఇది

రోగి వయసు 54. ఊరు మదనపల్లె. కొడుకు బెంగళూరులో ఉద్యోగి. 2021 జూన్‌లో అమ్మానాన్నల పేరు మీద 5 లక్షల పాలసీ తీసుకుని ఏటా తప్పకుండా రెన్యూ చేస్తున్నాడు. అమ్మకి 2018 నుంచి షుగర్ ఉంది, పాలసీ తీసుకున్నప్పుడే ఆ సంగతి రాశాడు. 2023 జూలైలో మదనపల్లెలో హెల్త్ చెకప్ చేయిస్తే స్కానింగ్‌లో చిన్న రాళ్ళు కనిపించాయి. నొప్పి లేదు కాబట్టి డాక్టరు అప్పుడు ఏమీ చేయలేదు. 2025 ఆగస్టు నుంచి భోజనం తర్వాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. సెప్టెంబరులో ఊళ్ళోనే చూపించుకున్నారు. నవంబరు 10న బెంగళూరు సర్జన్ చూసి, 24న లాపరోస్కోపీతో పిత్తాశయం తీసేద్దామన్నారు.

మొదటి మెట్టు: పాలసీ తేదీలు ఒక కాగితం మీద

సర్జన్ నోట్స్ తెరవకముందే పాలసీ చూడాలి. ఈ-కార్డు ఒక్కటే సరిపోదు, పాలసీ షెడ్యూల్ కావాలి. దానిలో మొదట చూడాల్సింది పాలసీ తొలిసారి మొదలైన తేదీ. ఈ ఏడాది రెన్యూవల్ తేదీని ఫారంలో వేసేస్తే, పాలసీ కొన్ని నెలల కిందటే తీసుకున్నట్టు కనిపిస్తుంది.

ఆ తేదీ నుంచి లెక్కపెట్టాల్సిన గడువులు రెండు. పిత్తాశయ రాళ్ళు, హెర్నియా, కంటి శుక్లం, మోకీలు మార్పిడి లాంటి కొన్ని పేరుపెట్టిన జబ్బులకి చాలా పాలసీల్లో 24 నెలల వెయిటింగ్ ఉంటుంది, అంటే అన్నాళ్ళు ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వరు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుకి వేరే గడువు. 2024లో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం అది 36 నెలలకి మించకూడదు. అంతకు ముందు 48 నెలల దాకా ఉండేది. మన కేసులో 2025 నవంబరుకి పాలసీకి నాలుగేళ్ళ అయిదు నెలలు నిండాయి. రాళ్ళకి 24 నెలలు ఎప్పుడో దాటాయి. షుగర్ దాచలేదు, దాని గడువూ అయిపోయింది.

ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీ అయితే ఈ వెయిటింగులు తరచుగా ఉండవు. కానీ తల్లిదండ్రులకి కోపే ఉండవచ్చు, అంటే బిల్లులో కొంత శాతం మనం కట్టాలి. హెచ్‌ఆర్‌ని అడిగి తెలుసుకోవడం అయిదు నిమిషాల పని.

రెండో మెట్టు: సర్జన్ నోట్స్ చదవడం

ఓపీ చీటీలో సర్జన్లు రాసేది నాలుగైదు లైన్లే. మన కేసులో దాని సారం ఇది: మూడు నెలలుగా కుడి పైకడుపులో వచ్చిపోయే నొప్పి, నూనె వంటలు తింటే ఎక్కువ, కుడి భుజానికి పాకుతుంది, వికారం ఉంది, జ్వరం, కామెర్లు లేవు, షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు, కడుపు మెత్తగా ఉంది, కుడి పైభాగంలో నొక్కితే కొద్దిగా నొప్పి, ప్లాన్: లాపరోస్కోపిక్ కోలిసిస్టెక్టమీ, అంటే చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయం తీసేయడం.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా దీని తర్వాత వచ్చే కాగితంలో ఉంటుంది. అడ్మిషన్ ముందు డ్యూటీ డాక్టరు రాసుకునే హిస్టరీ షీట్ అది. ఆ డాక్టరుకి తెలుగు రాకపోవచ్చు. కన్నడ, హిందీ, ఇంగ్లీషు కలిపి అడుగుతారు, పక్కన ఉన్నవాళ్ళు అనువదిస్తారు.

"నొప్పి ఎన్నాళ్ళ నుంచి అమ్మా?"

"గ్యాస్ నొప్పి ఎప్పట్నించో ఉంది నాయనా, పదేండ్లయింటాది."

పక్కనున్న బంధువు "టెన్ ఇయర్స్" అంటాడు. షీట్ మీద "పదేళ్ళుగా కడుపునొప్పి" అని పడుతుంది. అంతే, 2021లో మొదలైన పాలసీకి 2015 నాటి జబ్బు వచ్చి తగులుకుంటుంది. ఆమె చెప్పింది మసాలా తిన్నప్పుడు వచ్చే ఛాతీ మంట గురించి, దానికి ఎప్పుడూ మందు కూడా వాడలేదు. కానీ ఫైలు చూసే డాక్టరుకి ఆ సంగతి తెలిసే దారి లేదు.

అందుకే అమ్మ పక్కన కూర్చునే మనిషిని ముందే ఎంచుకోండి. అడిగిన దానికే, విడివిడిగా జవాబు చెప్పాలి: ఈ నొప్పి ఎప్పుడు మొదలైంది, రాళ్ళున్నట్టు ఎప్పుడు తెలిసింది, పాత గ్యాస్ బాధ ఇదేనా వేరేనా. ఇది అబద్ధం నేర్పడం కాదు. నిజం కలగాపులగం కాకుండా చూసుకోవడం.

షీట్ మీద పొరపాటు పడిపోయి ఉంటే, దాన్ని సరిదిద్దాల్సింది రాసిన డాక్టరే. రోగిని మళ్ళీ అడిగి, తప్పు లైను కనబడేలా ఒక గీత కొట్టి, సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. వైట్‌నర్ పూస్తే, లేదా పాత షీట్ చింపేసి కొత్తది పెడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఈ దిద్దుబాటు ప్రీ-ఆథ్ పంపకముందే జరగాలి. క్వెరీ వచ్చాక ఇచ్చే "పొరపాటున రాశాం" లేఖని అవతలి వాళ్ళు అంత తేలిగ్గా నమ్మరు, వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. ఇక నిజంగానే పదేళ్ళ నుంచి ఉన్న జబ్బయితే ఏ డాక్టరూ దాన్ని మూడు నెలలు చేయకూడదు, మీరూ అడగకూడదు. తప్పుడు సమాచారం బయటపడితే క్లెయిమే కాదు, పాలసీయే పోయే ప్రమాదం ఉంది.

మూడో మెట్టు: రిపోర్టులు నోట్స్‌తో కలుస్తున్నాయా

స్కానింగ్ రిపోర్టులో అందరూ చూసేది "రాళ్ళు ఉన్నాయి" అన్న చివరి లైను. రివ్యూ చేసే డాక్టరు చూసేవి వేరే. రాళ్ళుండీ ఏ బాధా లేకపోతే మామూలుగా ఆపరేషన్ అవసరం ఉండదు. కాబట్టి ఆయన మొదటి ప్రశ్న "ఇప్పుడు ఎందుకు?" అన్నదే. దానికి జవాబు మన రిపోర్టులో ఉంది: చాలా రాళ్ళు, పెద్దది 12 మిల్లీమీటర్లు, పిత్తాశయం గోడ మందం 4.5 మిల్లీమీటర్లు. గోడ మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. మందమైందంటే వాపు వచ్చి వచ్చి ఉన్నట్టు లెక్క. మూడు నెలల నొప్పి, మందమైన గోడ, ఈ రెండూ కలిస్తే ఆపరేషన్‌కి కారణం దొరికినట్టే. ఫారంలో ఈ రెండూ తప్పకుండా కనిపించాలి.

తర్వాత చూడాల్సింది పైత్యరసం పేగులోకి పోయే ప్రధాన నాళం. ఈ కేసులో దాని వెడల్పు 5 మిల్లీమీటర్లు, రక్తంలో బిలిరుబిన్ 0.7, అంటే రాయి నాళంలోకి జారినట్టు సూచన ఏమీ లేదు. నాళం 9 మిల్లీమీటర్లు ఉండి, బిలిరుబిన్ 3 ఉంటే కథ మారిపోతుంది. ముందు ఎంఆర్‌సీపీ స్కాన్, అవసరమైతే ఈఆర్‌సీపీ చేసి నాళంలో రాయి తీయాలి, ఆ తర్వాతే పిత్తాశయం. అలాంటప్పుడు ఒక్క కోలిసిస్టెక్టమీకే ప్రీ-ఆథ్ పంపితే సగం చికిత్సకే అనుమతి అడిగినట్టు. అలాంటి అంకెలు కనిపిస్తే ఫారం పక్కన పెట్టి సర్జన్‌కి ఫోన్ చేయండి.

మన రిపోర్టులో "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1" అని ఇంకో లైను ఉంది. ఆపరేషన్‌కీ దానికీ సంబంధం లేదు. అయినా "మద్యం అలవాటు ఉందా?" అని క్వెరీ రావడం మామూలే. మగవాళ్ళ కేసుల్లో అయితే దాదాపు ఎదురుచూడాల్సిందే. సర్జన్ నోట్స్‌లో ఆ సంగతి లేకపోతే ఆయన్నే అడిగి రాయించుకోవాలి. ఊహించి మనం టిక్కు పెట్టకూడదు.

చూడటానికి చిన్నవైనా ఫైలుని ఆపేసేవి కొన్ని ఉంటాయి. ఊళ్ళో చేయించిన స్కానింగ్ మీద పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పాలసీలో మరోలా ఉంటుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే ఫైలు ఆగిపోవడం చూస్తుంటాను. రేడియాలజిస్టు సంతకం లేని స్కానింగ్, అంకెలు మసకగా పడ్డ వాట్సాప్ ఫోటో కూడా ఈ కోవలోవే. స్కానింగ్ మరీ పాతదైతే సర్జన్లు ఎలాగూ మళ్ళీ చేయిస్తారు. కొత్తదీ పాతదీ రెండూ పెట్టండి, తేదీల వరసలో.

నాలుగో మెట్టు: ఫారంలో డాక్టరు భాగం

క్యాష్‌లెస్ ఫారం అన్ని కంపెనీలకీ దాదాపు ఒకే నమూనాలో ఉంటుంది. రోగి వివరాలు, ఆధార్, పాన్ నింపడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. గెలిచేదీ ఓడేదీ డాక్టరు నింపే పేజీలోనే. మన కేసుని అందులో ఇలా వేస్తాను.

జబ్బు, లక్షణాలు: ఆగస్టు 2025 నుంచి భోజనం తర్వాత కుడి పైకడుపులో వచ్చిపోయే నొప్పి, వికారం. జ్వరం, కామెర్లు లేవు.

ముఖ్యమైన పరీక్షా ఫలితాలు: స్కానింగ్‌లో అనేక రాళ్ళు, పెద్దది 12 మిల్లీమీటర్లు, గోడ 4.5, ప్రధాన నాళం 5 మిల్లీమీటర్లు. బిలిరుబిన్ 0.7. మూడు నెలల సగటు షుగర్ 7.4.

ప్రస్తుత బాధ ఎన్ని రోజులుగా: ఫారం రోజుల్లోనే అడుగుతుంది. ఇక్కడ సుమారు 90 రోజులు. "చాలాకాలంగా", "కొన్నాళ్ళుగా" అన్న మాటలకి ఇక్కడ చోటు లేదు.

మొదటి కన్సల్టేషన్ తేదీ: ఎక్కువగా తప్పు పడే గడి ఇదే. చాలామంది బెంగళూరు సర్జన్ చూసిన తేదీ వేస్తారు. ఈ నొప్పి కోసం మొదట చూపించుకున్నది సెప్టెంబరులో, మదనపల్లెలో. ఆ తేదీయే వేసి ఆ చీటీ జతచేయాలి. లేకపోతే "మొదటి కన్సల్టేషన్ కాగితం పంపండి" అన్న క్వెరీ రాసిపెట్టి ఉన్నట్టే.

ఇదే బాధకి పాత చరిత్ర: 2023 జూలై హెల్త్ చెకప్‌లో రాళ్ళు కనిపించాయి, అప్పట్లో లక్షణాలు లేవు, చికిత్స తీసుకోలేదు. "ఇది రాస్తే రిజెక్ట్ చేస్తారేమో, వదిలేద్దాం సార్" అని కొడుకులు అంటుంటారు. వదిలేయకూడదు. పాలసీ 2021ది, రాళ్ళు కనిపించింది 2023లో. ఈ కాగితం మనకి మేలే చేస్తుంది. దాచి, తర్వాత ఏ చీటీలోనో అది బయటపడితే మాత్రం ఇంకా ఏమేం దాచారోనని వెతుకుతారు.

రోగనిర్ధారణ, కోడ్: సర్జన్ "రాళ్ళతో దీర్ఘకాలిక పిత్తాశయ వాపు" అని రాశారు కాబట్టి K80.1. వాపు లేకుండా రాళ్ళు మాత్రమే అయితే K80.2, అప్పటికప్పుడు వచ్చిన తీవ్రమైన వాపయితే K80.0. తీవ్రమైన వాపు కోడ్ వేసి, రెండు వారాల తర్వాత తేదీ ఇచ్చి, "ప్లాన్డ్" అని టిక్కు పెడితే ఆ మూడూ పొసగవు. ఆపరేషన్ కోడ్ అడిగిన చోట లాపరోస్కోపీతో పూర్తి పిత్తాశయం తీయడానికి 0FT44ZZ.

దీర్ఘకాలిక జబ్బుల పట్టికలో షుగర్ దగ్గర "2018 నుంచి" అని వేయాలి. షుగర్ మందుల చీటీ మీద కూడా అదే సంవత్సరం ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

అయిదో మెట్టు: ఖర్చు అంచనా, గది అద్దె

ఇక్కడ కుటుంబం తీసుకునే ఒక నిర్ణయం మొత్తం లెక్కని మార్చేస్తుంది. మన పాలసీలో గది అద్దెకి పరిమితి ఉంది: బీమా మొత్తంలో 1 శాతం, అంటే రోజుకి 5,000. ఇద్దరుండే గది అద్దె 4,800, సింగిల్ రూమ్ 8,000. "రోజుకి మూడు వేలే కదా తేడా, మనమే పెట్టుకుందాం" అంటాడు కొడుకు. అలా అనిపించడం సహజం, కానీ తేడా అక్కడితో ఆగదు.

చాలా ఆస్పత్రుల్లో గది స్థాయిని బట్టి థియేటర్, సర్జన్, మత్తు డాక్టరు ఛార్జీలు కూడా పెరుగుతాయి. అలాంటి చోట పరిమితి దాటిన గది తీసుకుంటే కంపెనీ ఆ ఛార్జీలను కూడా అదే నిష్పత్తిలో కోస్తుంది. 5,000ని 8,000తో భాగిస్తే 62.5 శాతం. సింగిల్ రూమ్ లెక్కన ఈ ఛార్జీలు 90,000 అనుకుంటే, కంపెనీ ఇచ్చేది 56,250. మిగతా 33,750 మన జేబులోంచే. రెండు రోజుల గది తేడా 6,000 కలిపితే 39,750. మందులు, సర్జరీ సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకి మాత్రం ఈ కోత వర్తించకూడదని నిబంధన ఉంది. డిశ్చార్జి రోజు లెక్క చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇద్దరుండే గదికి మన అంచనా ఇలా వచ్చింది: గది, నర్సింగ్ రెండు రోజులకి 9,600; థియేటర్ 28,000; సర్జన్, మత్తు డాక్టరు 45,000; మందులు, సామగ్రి 24,000; పరీక్షలు 9,000; తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపడానికి 2,500. మొత్తం 1,18,100. కంపెనీతో ఆస్పత్రికి ఈ ఆపరేషన్‌కి ప్యాకేజీ రేటు కుదిరి ఉంటే ఆ రేటే వేయాలి, విడివిడి లెక్కలు వేస్తే టారిఫ్ కాపీ అడుగుతారు. "ఎందుకైనా మంచిది" అని అంచనా పెంచి రాయడం కొందరికి అలవాటు. దానివల్ల అప్రూవల్ పెరగదు, క్వెరీ పెరుగుతుంది. లాపరోస్కోపీ కుదరక కడుపు తెరవాల్సి వస్తే ఆ రోజే కారణం రాసి అదనపు మొత్తం అడగవచ్చు. ఆ అవకాశం ఉందని సర్జన్ ప్లాన్‌లో ఒక మాట ఉంటే చాలు.

పంపాక

ఆస్పత్రి కంపెనీ నెట్‌వర్క్‌లో లేకపోయినా ముందే ఖాయమైన ఆపరేషన్‌కి కనీసం 48 గంటల ముందు తెలియజేస్తే క్యాష్‌లెస్ అడిగే ఏర్పాటు 2024 జనవరి నుంచి ఉంది. నా సలహా మాత్రం అడ్మిషన్‌కి అయిదారు రోజుల ముందు పంపమని. మరీ ముందూ వద్దు, చాలా అనుమతి లేఖలు 15 రోజుల దాకానే చెల్లుతాయి, గడువు లేఖ మీదే ఉంటుంది. కంపెనీ గంటలోపు నిర్ణయం చెప్పాలని 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ అంటుంది. అయితే క్వెరీ పడితే ఆచరణలో లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

క్వెరీ వస్తే అడిగిన ప్రశ్నని అలాగే పైన రాసి, కింద జవాబు, దానికి ఆధారమైన కాగితం పేరు, తేదీ. సర్జన్ సంతకం, సీలు. "రాళ్ళు ఎప్పటి నుంచి ఉన్నాయి?" అని అడిగితే: "మొదటిసారి కనిపించింది 2023 జూలై, రిపోర్టు జతచేశాం. పాలసీ మొదలు 2021 జూన్. లక్షణాలు 2025 ఆగస్టు నుంచి." ఇంతకు మించి ఒక్క వాక్యం కూడా అక్కర్లేదు. అడగని సంగతులు రాస్తే కొత్త క్వెరీకి తలుపు తెరిచినట్టే.

మొదటి లేఖలో అడిగినదంతా రాకపోవచ్చు. 1,18,100 అడిగితే ముందు 70,000 ఇచ్చి, మిగతాది ఫైనల్ బిల్లు చూశాక అంటారు. అది తిరస్కరణ కాదు, కంగారు పడకండి. గ్లవ్స్ లాంటి కొన్ని వస్తువులకి ఎలాగూ కంపెనీ ఇవ్వదు, ఆ డబ్బు చేతిలో ఉంచుకోండి. అడ్మిషన్‌కి ముందు చేయించిన పరీక్షల బిల్లులు పారేయకండి. పాలసీని బట్టి 30 లేదా 60 రోజుల ముందు ఖర్చులు తర్వాత రీయింబర్స్‌మెంట్‌లో అడగవచ్చు.

డిశ్చార్జి రోజు సమ్మరీ డ్రాఫ్ట్ అడిగి చదవండి. డ్యూటీ డాక్టరు పాత హిస్టరీ షీట్ చూసి టైపు చేస్తే, గీత కొట్టేసిన ఆ "పదేళ్ళు" మళ్ళీ ఇక్కడ మొలకెత్తుతుంది. ఫైనల్ అనుమతి కోసం అవతలి వాళ్ళు చదివేది ఈ సమ్మరీనే. సంతకం అయ్యాక మార్పించడం కన్నా డ్రాఫ్ట్‌లోనే దిద్దించడం ఎంతో తేలిక. ఆస్పత్రి బిల్లు పంపిన మూడు గంటల్లో కంపెనీ ఫైనల్ అనుమతి ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా ఏమైనా వేస్తే ఆ ఖర్చు కంపెనీదే.

క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. డబ్బు కట్టి ఆపరేషన్ చేయించుకుని రీయింబర్స్‌మెంట్‌కి పెట్టవచ్చు. దానికి ఒరిజినల్ బిల్లులు, రసీదులు, బయాప్సీ రిపోర్టు, తిరస్కరణ లేఖ కావాలి. ఆ లేఖలో పాలసీలోని ఏ నిబంధన కింద కాదన్నారో ఉండాలి, లేకపోతే రాతపూర్వకంగా అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి నెలలో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. కర్ణాటకకి ఆ కార్యాలయం బెంగళూరులోనే ఉంది, ఫిర్యాదుకి ఫీజు లేదు.